అమ్మ మందులను వీడియో కాల్‌లో, నమ్మకమైన ఫార్మసిస్టు సాయంతో చూసుకోవడం ఎలా

అమ్మ ఒక దేశంలో, మీరు ఇంకో దేశంలో ఉన్నప్పుడు "మందులు వేసుకున్నావా అమ్మా?" అని అడిగితే తెలిసేది చాలా తక్కువ. "ఆ, వేసుకున్నానే" అంటుంది. నిజమే చెబుతుంది కూడా. కానీ ఏది వేసుకుంది, ఎన్ని వేసుకుంది, పాత షీటు అయిపోయాక వచ్చిన కొత్త షీటు అదే మందా కాదా అన్నవి ఆ జవాబులో ఉండవు. అందుకని అడగడం తగ్గించి చూడడం మొదలుపెట్టాలి. మీరు చూడగలిగినదానికి వీడియో కాల్ ఉంది. మీ కంటికి అందనిదానికి అక్కడే ఉన్న ఒక మందుల షాపు మనిషి కావాలి.

మా అమ్మకు బీపీ, షుగరు, థైరాయిడ్ ఉన్నాయి. డెబ్భై దాటింది, ఒక్కతే ఉంటుంది. మేము చేసుకున్న ఏర్పాటును వరసగా చెబుతాను. మందుల పేర్లు అర్థమవడానికే ఇస్తున్నాను. మీ అమ్మ మందుల్లో ఏది మార్చాలన్నా, ఆపాలన్నా ఆమె డాక్టరే చెప్పాలి.

1. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒకేచోటికి తెప్పించండి

మొదటి కాల్‌కు గంట సమయం పెట్టుకోండి. అమ్మ రోజూ వేసుకునే డబ్బా ఒక్కటే చూస్తే చాలదు. హ్యాండ్‌బ్యాగులో, మంచం పక్క సొరుగులో, ఫ్రిజ్ తలుపులో, పోయినసారి జ్వరానికి ఇచ్చిన కవర్లో ఉన్నవన్నీ ఒక దుప్పటి మీద పోయించండి. "ఇవి ఇప్పుడు వాడట్లేదులే" అని పక్కన పెట్టే వాటిని కూడా చూపించమనండి. ఎక్కువ చిక్కులు వచ్చేది వాటితోనే.

వీడియోలో షీటు మీద అక్షరాలు చదవడం కష్టం. వెనక వైపు వెండి రేకు మెరిసిపోయి ఏమీ కనిపించదు. ఫోన్‌లో వెనక కెమెరాకు మార్చమని, షీటును రంగు బట్ట మీద కిటికీ దగ్గర పెట్టి కొద్దిగా వాల్చి పట్టుకోమని చెప్పండి. అప్పటికీ మసగ్గా ఉంటే వీడియో వదిలేసి ఫోటో తీసి పంపమనండి. ఫోటోను పెద్దది చేసుకుని చదవొచ్చు. ముందువైపు ఒకటి, రేకు వైపు ఒకటి, రెండూ కావాలి.

షీటు మీద మీరు వెతకాల్సింది పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు కాదు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, దాని పక్కన ఎన్ని మిల్లీగ్రాములో ఉన్న అంకె. కంపెనీ పేర్లు ఎన్నయినా ఉంటాయి, లోపలి మందు ఒకటే కావచ్చు. పేర్లు దగ్గర దగ్గరగా వినిపించే రెండు షీట్లలో వేరు వేరు మందులూ ఉండొచ్చు. రంగును అసలు నమ్మొద్దు. "తెల్ల చిన్న బిళ్ళ బీపీది" అని అమ్మ గుర్తుపెట్టుకున్నది, కంపెనీ మారగానే పనికిరాకుండా పోతుంది.

గడువు తేదీ సాధారణంగా షీటు ఒక చివర అచ్చు వేసి ఉంటుంది. మాత్రలు ఆ చివర నుంచి కత్తిరించుకుంటూ పోతే, మిగిలిన ముక్క ఏ మందో, ఎప్పటిదో ఎవరికీ తెలియదు. అచ్చు ఉన్న చివరను ఆఖరిదాకా ఉంచమని అమ్మకు ఒక్కసారి చేత్తో చూపించి చెప్పండి. పేరు లేని ముక్కలు దొరికితే వాటిని వాడొద్దు, విడిగా కవర్లో వేయించండి.

2. ఒకే ఒక్క చీటీ రాయండి

ఇప్పుడు అన్నిటినీ ఒక పేజీలో రాయండి. ఒక్కో మందుకు ఐదు సంగతులు చాలు: అసలు మందు పేరు, ఎంత మోతాదు, ఎందుకు, ఎప్పుడు, ఏ డాక్టరు రాశారు. "ఎందుకు" అన్నది మాత్రం వదలొద్దు. అది రాస్తేనే ఒకే జబ్బుకు రెండు మందులు ఉన్నాయని కంటికి కనబడుతుంది. అప్పుడు "ఈ రెండూ కావాలనే ఇచ్చారా?" అని అడగగలుగుతారు. బీపీకి రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం మామూలే కాబట్టి, రెండు కనబడగానే తప్పని అనుకోవద్దు, అడగండి.

మాతృభాషలో పెద్ద అక్షరాలతో రాసిన ప్రతి అమ్మ దగ్గర గోడకు, అదే ప్రతి ఫోటో మీ ఫోన్‌లో, ఇంకొకటి మందుల షాపులో. ఏదైనా మారితే మూడూ ఒకే రోజు మారాలి. మారిన తేదీ పైన వేయండి. తేదీ లేని పాత చీటీ ఇంట్లో మిగిలిపోతే, అమ్మ దాన్నే చూసే అవకాశం ఉంది.

3. ఫార్మసిస్టును ఎంచుకోవడం, ఆయనతో మాట్లాడుకోవడం

దగ్గర షాపులు రెండు మూడు ఉండొచ్చు. మందులన్నీ ఒక్కచోటే కొనడం ముఖ్యం. అమ్మ తీసుకునే మందులన్నీ ఒకరి కళ్ళముందు ఉంటేనే, ఒకదానికి ఇంకొకటి పడదని వాళ్ళు పట్టుకోగలరు. బీపీ మందు ఒక షాపులో, మోకాళ్ళ నొప్పి మాత్రలు ఇంకో షాపులో కొంటే, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయని, కొన్ని బీపీ మందులతో కలిస్తే మూత్రపిండాల మీద భారం పడుతుందని అక్కడ చెప్పేవాళ్ళు ఉండరు.

షాపును ఎలా ఎంచాలంటే, ఒక ప్రశ్న అడిగి చూడండి: "ఈ మందు లేకపోతే ఏం చేస్తారు?" "ఇలాంటిదే ఇంకోటి ఇచ్చేస్తాం" అని చేతికిచ్చి పంపేవాళ్ళకంటే, "లోపలి మందు, మోతాదు ఒకటేనో కాదో చూసి, మీకు చెప్పి ఇస్తాం" అనేవాళ్ళు మీకు కావాలి. షాపులో చదువుకున్న ఫార్మసిస్టు ఏ వేళల్లో ఉంటారో కూడా అడగండి. కౌంటర్లో సాయంగా ఉండే కుర్రవాడు, ఫార్మసిస్టు ఒకటి కాదు.

తర్వాత అమ్మను పక్కన పెట్టుకునే, ఆమె ఒప్పుకున్నాకే, ఆయనతో వీడియోలో మాట్లాడండి. "అమ్మ మందుల గురించి నాతో మాట్లాడండి" అని చెప్పాల్సింది అమ్మ, మీరు కాదు. అవి ఆమె మందులు. మేము ఆయనను అడిగినవి మూడే. ఒకటి, కంపెనీ మారినా, మోతాదు మారినా ఇచ్చే ముందే నాకు షీటు ఫోటో పంపాలి. రెండు, అమ్మ వచ్చి చీటీలో లేని మందు అడిగితే, అది దగ్గుమందే అయినా, నాకు ఒక మాట చెప్పాలి. మూడు, నెల నిండకముందే ఏదైనా మందు మళ్ళీ కావాలని అమ్మ వస్తే ఎందుకని అడగాలి.

ఈ మూడోది చిన్నదిగా కనిపిస్తుంది కానీ నా దృష్టిలో చాలా విలువైనది. 30 రోజుల మందు 20 రోజులకే అయిపోయిందంటే, రోజుకు ఒకటి కన్నా ఎక్కువ వేసుకుంటున్నారనో, ఎక్కడో పోగొట్టుకున్నారనో అర్థం. 40 రోజులైనా రాలేదంటే కొన్ని పూటలు మానేస్తున్నారు. ఈ రెండూ అమ్మ నోటితో చెప్పకపోవచ్చు. షాపు పుస్తకం చెబుతుంది.

ఆయన సమయానికి విలువ ఇవ్వండి. రద్దీ వేళ ఫోన్ చేయొద్దు, సందేశం పెట్టి వీలైనప్పుడు చూడమనండి. బాకీలు ఎప్పటికప్పుడు మీరే చెల్లించండి. అమ్మ దగ్గర డబ్బు లేక ఒక మందు తగ్గించుకుని తెచ్చుకునే పరిస్థితి రాకూడదు.

4. వారానికి ఒక మందుల కాల్

రోజూ మందు వేసుకునే వేళకు ఫోన్ చేసి, మింగేదాకా చూడాలని చాలామందికి అనిపిస్తుంది. నేను వద్దంటాను. అమ్మ పిల్లల గురించి, ఊళ్ళో పెళ్ళిళ్ళ గురించి చెప్పుకోవాలనుకునే కాల్ అంతా తనిఖీగా మారితే, కొన్నాళ్ళకు ఆమె దాచడం మొదలుపెడుతుంది. కబుర్లకు రోజూ చేయండి. మందులకు మాత్రం వారంలో ఒక రోజు, ఒక వేళ పెట్టుకోండి.

ఏడు రోజుల గళ్ళ డబ్బా ఒకటి కొనిపించండి. ఒక్కో రోజుకు ఉదయం, రాత్రి గళ్ళు విడిగా ఉండేది మంచిది. ఏ మాత్ర గాలి తగిలితే పాడవుతుందో, షీటులోనే ఉంచాలో ఫార్మసిస్టును అడిగి, అలాంటివి డబ్బాలో వేయకండి. మిగిలినవి ఆదివారం కాల్‌లో ఇద్దరూ కలిసి నింపండి. ఒక మందు ఏడు గళ్ళలో వేయడం పూర్తయ్యాకే రెండో షీటు తీయాలి. అన్ని షీట్లూ ఒకేసారి విప్పితే చేతులు తడబడతాయి.

నింపే ముందు లెక్క చూసుకోండి. 30 మాత్రలతో మొదలుపెట్టి రోజుకు ఒకటి అయితే, వారం వారం నింపే ముందు షీట్లలో 30, 23, 16, 9 ఉండాలి. ఇప్పుడు రెండు చోట్ల చూడాలి. డబ్బాలో గళ్ళు ఖాళీ కాకుండా మిగిలి ఉంటే ఆ పూటలు మానేసినట్టు. డబ్బా ఖాళీగానే ఉంది కానీ షీటులో 23 ఉండాల్సిన చోట 20 ఉన్నాయంటే, మూడు మాత్రలు డబ్బాతో సంబంధం లేకుండా నేరుగా షీటు నుంచి పోయాయి. ఎక్కువగా, వేసుకున్నది మరిచిపోయి మళ్ళీ వేసుకోవడమే. లెక్క తొమ్మిదికి వచ్చిన రోజే షాపుకు చెప్పండి. డబ్బా నింపాక చేతిలో మిగిలేవి రెండే.

మానేసిన పూట కనబడితే, "ఎందుకు వేసుకోలేదు?" అని కాకుండా "ఆ రోజు ఏమైందమ్మా?" అని అడగండి. మా అమ్మ చెప్పింది ఇది: "ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదే, అందుకని షుగరు బిళ్ళ వేసుకోలేదు." నిజానికి ఆమె చేసింది సరైన పనే. గ్లిమెపిరైడ్ లాంటి మందు తిండి లేకుండా వేసుకుంటే షుగరు మరీ పడిపోతుంది. కోప్పడి ఉంటే, తర్వాతి సారి నా మాట కోసం ఖాళీ కడుపుతో వేసుకునేది. మరిచిపోయిన మాత్రను మరుసటి పూట రెండుగా వేసుకోకూడదన్నది కూడా ఆమెకు ఒకసారి చెప్పి, చీటీ అడుగున రాసి పెట్టండి.

5. వేళలు కుదర్చడం

చాలా మందుల్లో పొద్దున్నా రాత్రా అన్నది సరిపోతుంది. థైరాయిడ్ మాత్ర మాత్రం పట్టింపు ఎక్కువ. థైరాక్సిన్ పరగడుపున నీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు, కాఫీ కూడా తాగకూడదు. క్యాల్షియం, ఐరన్ మాత్రలకు దానితో నాలుగు గంటల దూరం ఉండాలి. లేకపోతే అవి థైరాక్సిన్‌ను కడుపులోనే పట్టేసి ఒంటికి అందనివ్వవు. అమ్మ మానకుండా వేసుకుంటున్నా థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ అంకె దిగట్లేదంటే, మోతాదు పెంచమని డాక్టరును అడిగే ముందు క్యాల్షియం ఏ వేళ వేసుకుంటోందో చూడండి. అది రాత్రికి మార్చవచ్చో లేదో అడగండి. మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగితేనే పరీక్షలో తేడా సరిగ్గా తెలుస్తుంది.

థైరాయిడ్ మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మిల్లీగ్రాముల్లో కాదు. చీటీ రాసేటప్పుడు ఇది కచ్చితంగా చూసుకోండి. అలాగే షీటు మీద పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ అని ఉంటే అది నెమ్మదిగా కరిగే మాత్ర. మింగడం కష్టమని దాన్ని నలిపితే, రోజంతా అందాల్సిన మందు ఒకేసారి దిగుతుంది. మింగలేకపోతే ఫార్మసిస్టుకు చెప్పండి, డాక్టరును అడిగి వేరే రూపంలో ఉన్నది చూస్తారు.

6. ఆస్పత్రి నుంచి వచ్చిన వారం

లెక్కలు ఎక్కువగా తప్పేది ఇప్పుడే. అందుకని ఇక్కడ జరిగింది వివరంగా చెబుతాను.

అమ్మ ఛాతీలో ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రిలో చేరి ఇంటికొచ్చింది. బీపీ ఎక్కువగా ఉందని కొత్త మాత్ర రాశారు, ఆస్పత్రి షాపులోనే మందులు ఇచ్చి పంపారు. కాబట్టి మన ఫార్మసిస్టుకు ఆ సంగతి తెలియదు. డిశ్చార్జి కాగితం మీద కొత్త మందుల పేర్లున్నాయి. పాతవి ఏవి ఆపాలో రాయలేదు. అమ్మ పాతవీ కొత్తవీ రెండూ మొదలుపెట్టింది.

మూడు నాలుగు రోజులకు ఫోన్‌లో అంది, "లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయే. నీరసం అయ్యుంటుందిలే." జబ్బు చేసి లేచిన మనిషి కాబట్టి నీరసం అనుకోవడం సహజమే. కానీ పడుకున్నప్పుడు లేదు, నిలబడ్డప్పుడే వస్తోంది. పొద్దున మందులు వేసుకున్నాక ఎక్కువ. ఈ రెండూ కలిస్తే బీపీ మందు మీద అనుమానం రావాలి.

వీడియో ముందు అమ్మ ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుంది. బీపీ చూసుకుంటే 122/74. తర్వాత పక్కింటి పిన్ని చెయ్యి పట్టుకుని నిలబడింది. ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూశాం. 96/62కి దిగింది. నిలబడ్డ మూడు నిమిషాల్లో పై అంకె 20, లేదా కింది అంకె 10 పడిపోతే డాక్టరుకు చెప్పాల్సిన విషయం. ఇక్కడ పై అంకె 26 పడింది. ఇలా చూసేటప్పుడు పక్కన మనిషి ఉండాలి, వెనక కుర్చీ ఉండాలి.

షీట్లన్నీ మళ్ళీ బల్ల మీద పెట్టించి రేకు వైపు ఫోటోలు తెప్పించుకున్నాను. పాత షీటు మీద తెల్మిసార్టన్ 40. కొత్త షీటు మీద పెద్ద అక్షరాల్లో ఏదో వేరే పేరు. కింద చిన్న అక్షరాల్లో తెల్మిసార్టన్ 40, ఆమ్లోడిపిన్ 5. ఒకే మాత్రలో రెండు మందులు. డాక్టరు ఉద్దేశం పాతదానికి బదులుగా ఇవ్వడం. అమ్మ ఒంట్లోకి వెళ్తున్నది తెల్మిసార్టన్ 80, దాని పైన ఆమ్లోడిపిన్.

ఆ రెండు ఫోటోలు, డిశ్చార్జి కాగితం, బీపీ అంకెలు ఫార్మసిస్టు అన్నయ్యకు పంపాను. నేను అనుకున్నది ఆయన చూసి అవునన్నారు. అయినా ఏది ఆపాలో తాను చెప్పలేదు, డాక్టరుకు ఫోన్ చేశారు. పాత తెల్మిసార్టన్ ఆపి కొత్తది మాత్రమే వేసుకోవాలని, రెండు రోజులు బీపీ చూడమని డాక్టరు చెప్పారు. సాయంత్రం షాపు కట్టేసి వెళ్తూ ఆయన అమ్మ దగ్గర ఆగి, పాత షీటు మీద పెన్నుతో "వద్దు" అని రాసి, దాన్ని తనతో తీసుకెళ్ళారు. వద్దన్న మందు ఇంట్లో ఉంచకపోవడం కూడా మందుల పనిలో భాగమే. ఆ వారమే అమ్మకు కళ్ళు తిరగడం తగ్గింది.

కాబట్టి మీ అమ్మ ఆస్పత్రి నుంచి బయలుదేరే ముందే, పక్కన ఉన్నవాళ్ళ ఫోన్‌లో డాక్టరును ఒక్క మాట అడగండి: "పాతవాటిలో ఏవి కొనసాగించాలి, ఏవి ఆపాలి, ఏవి కొత్తవి?" మూడు వరసలుగా రాయించుకోండి. ఇంటికొచ్చిన రోజే ఆ కాగితం ఫార్మసిస్టుకు పంపండి, ఆదివారం దాకా ఆగొద్దు. కొన్ని మందులను ఒక్కసారిగా ఆపకూడదు, మెటోప్రోలాల్, అటెనోలాల్ లాంటివి అందులో ఉన్నాయి. అందుకే అనుమానం వచ్చిందని మీరే మందు మాన్పించకుండా, అదే రోజు అడిగి చేయండి.

7. ఫార్మసిస్టుతో ఆగకూడనివి

ఎంత మంచి ఫార్మసిస్టు అయినా కొన్నిటికి ఆయనను అడుగుతూ కూర్చోకూడదు. వాంతులు, విరేచనాలు అయ్యి అమ్మ నీళ్ళు కూడా నిలుపుకోలేకపోతే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు తెల్మిసార్టన్, మెట్‌ఫార్మిన్ లాంటివి కొనసాగించాలా, కొన్నాళ్ళు ఆపాలా అన్నది వాళ్ళే చెప్పాలి.

చెమటలు, వణుకు, మాట తడబాటు కనబడి షుగరు 70 కన్నా తక్కువ ఉంటే, మెలకువగా ఉండి మింగగలిగితే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాలు, నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, అంబులెన్సే. ముఖం ఒక వైపు జారడం, చెయ్యి లేవకపోవడం, ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం కూడా అంతే. ఆ సమయంలో మీకు ఫోన్ చేయడం కూడా తర్వాతి పనే అని అమ్మకు, పక్కింటివాళ్ళకు ముందుగానే చెప్పి ఉంచండి. అంబులెన్సు నంబరు, డాక్టరు నంబరు, పక్కింటివాళ్ళ నంబరు, ఈ వరసలోనే మందుల చీటీ అడుగున పెద్దగా రాయించండి.

ఫార్మసిస్టు సెలవుపై వెళ్ళే రోజులు ముందే అడిగి తెలుసుకోండి. ఆయన ఊళ్ళో లేని వారాలకు సరిపడా మందులు ముందే తెప్పించండి. ఆ వారాల్లో అమ్మ వేరే షాపుకు వెళ్ళాల్సి వస్తే గోడ మీది చీటీని చేతిలో పట్టుకుని వెళ్ళమనండి. మూడు నెలలకోసారి అదే చీటీ డాక్టరు ముందు పెట్టి, ఇంకా అవసరం లేనిది ఏదైనా ఉందా అని అడగండి. ఒకటి తగ్గినా వారం వారం నింపాల్సిన గళ్ళలో ఏడు మాత్రలు తగ్గుతాయి.